కడప ఎండలో పఫ్ నిలబడాలంటే ఏ కొవ్వు కొనాలి?

పోయిన ఏప్రిల్‌లో కడప నుంచి మా బావ ఫోన్ చేశాడు. ఆయనకు బేకరీ ఉంది, ఎగ్ పఫ్‌కి చుట్టుపక్కల మంచి పేరు. "ఒరే, ఈ కొత్త పెట్టె మీద ట్రాన్స్ ఫ్యాట్ సున్నా అని రాసినారు. నేను మాట విని కొన్నా. వచ్చి ఈ ట్రే చూడు," అన్నాడు. ఆదివారం వెళ్లి చూశాను. పఫ్‌లు పొంగకుండా చదునుగా పడి ఉన్నాయి. పొరలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ట్రేలో వేలు పెడితే గోరు మునిగేంత నూనె. పిండి కలిపే గదిలో థర్మామీటర్ 36 డిగ్రీలు చూపిస్తోంది. పెట్టెతో వచ్చిన కాగితంలో ఆ కొవ్వు కరిగే ఉష్ణోగ్రత కూడా 36 డిగ్రీలే అని ఉంది. అంటే బావ పొరల మధ్య పరిచింది కొవ్వు కాదు, దాదాపు నూనె.

అనంతపురంలో ఆయిల్ టెక్నాలజీ చదివి, తొమ్మిదేళ్లుగా నూనెల ల్యాబ్‌లో పని చేస్తున్నాను. ఆ రోజు బావకు చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను. మన సీమలో బేకరీ నడిపేవాళ్లందరికీ వేసవిలో ఇదే టెన్షన్ కాబట్టి. ముందు డాల్డా అంత కాలం ఎందుకు చెలామణీ అయిందో చెప్తాను. అది తెలిస్తే దాని స్థానంలోకి వచ్చిన వాటిలో ఏది దేనికి పనికొస్తుందో మీకే అర్థమవుతుంది.

శెనక్కాయ నూనెలో సగానికి దగ్గరగా ఉండేది ఓలిక్ ఆమ్లం. దాని గొలుసు మధ్యలో ఒక జంట బంధం ఉంటుంది. ఆ బంధం దగ్గర గొలుసు మోచేయిలా వంగి ఉంటుంది. వంకర కర్రల్ని కట్టగా కడితే బిగుసుకోనట్టు ఈ అణువులు దగ్గరగా సర్దుకోలేవు. అందుకే ఓలిక్ ఆమ్లం 13 డిగ్రీలకే కరిగిపోతుంది, అందుకే నూనె నూనెలా ఉంటుంది. ఆ జంట బంధంలోకి హైడ్రోజన్ పూర్తిగా ఎక్కిస్తే గొలుసు నిటారుగా మారి స్టియరిక్ ఆమ్లం అవుతుంది. అది కరగాలంటే 69 డిగ్రీలు కావాలి, నోట్లో మైనమే. మూడోది కూడా ఒకటుంది. జంట బంధం అలాగే ఉండి, వంపు మాత్రం తీరిపోయి గొలుసు దాదాపు నిటారుగా నిలబడుతుంది. ఇదే ట్రాన్స్ రూపం, ఎలైడిక్ ఆమ్లం అంటారు. దాని కరిగే ఉష్ణోగ్రత 44 డిగ్రీలు.

13, 44, 69. ఈ మూడు అంకెలు చూస్తే బేకరీవాడికి కావలసింది మధ్యదే అని ఎవరైనా చెప్తారు. ఎండాకాలం గదిలో గట్టిగా ఉంటుంది, నోట్లో వేసుకుంటే కరుగుతుంది. ట్రాన్స్‌ని ఎవరూ కావాలని కలపలేదు. కానీ డాల్డాకు ఆ గుణం తెచ్చినవాటిలో అదొకటి.

అది ఎలా పుడుతుందో చూద్దాం. జర్మనీలో విల్హెల్మ్ నార్మన్ 1902లో పేటెంటు కోరిన పద్ధతి మూలంలో ఇప్పటికీ మారలేదు. మూసిన పాత్రలో నూనె పోసి, పిండిలా ఉండే నికెల్ కొద్దిగా వేసి, 150 నుంచి 200 డిగ్రీల వేడిలో గిలక్కొడుతూ హైడ్రోజన్ వాయువు పంపుతారు. నూనె అణువు నికెల్ మీద వాలినప్పుడు జంట బంధంలోని రెండు కార్బన్లలో ముందు ఒకదానికి హైడ్రోజన్ అతుక్కుంటుంది. రెండో హైడ్రోజన్ పక్కనే సిద్ధంగా ఉంటే అతుక్కుని పని పూర్తవుతుంది. లేకపోతే మొదటిది కూడా ఊడిపోయి జంట బంధం మళ్లీ ఏర్పడుతుంది. ఈసారి అది పాత వంపులోనే ఏర్పడాలని లేదు. నిటారు రూపం స్థిరమైనది కాబట్టి ఎక్కువ భాగం అటే మొగ్గుతుంది. కొన్నిసార్లు బంధం గొలుసులో ఒక గడి పక్కకు కూడా జరుగుతుంది.

అంటే ట్రాన్స్ ఎక్కువ రావడానికి కారణం నికెల్ దగ్గర హైడ్రోజన్ కొరత. వేడి పెంచినా, ఒత్తిడి తగ్గించినా, గిలక్కొట్టడం నెమ్మదించినా ఆ కొరత వస్తుంది. పైగా ఈ చర్య తనంతట తానే వేడి పుట్టిస్తుంది. అయోడిన్ విలువ, అంటే జంట బంధాల లెక్క, ఒక్క యూనిట్ తగ్గితే నూనె సుమారు 1.6 డిగ్రీలు వేడెక్కుతుంది. 90 దగ్గర ఉండే శెనక్కాయ నూనెను 65కి దించితే 40 డిగ్రీల వేడి లోపలే పుడుతుంది. చల్లార్చే కాయిల్ సరిగా పని చేయకపోతే బ్యాచ్ చేయి దాటిపోతుంది.

రిఫైనింగ్ సంగతి ఇక్కడే వస్తుంది. హైడ్రోజన్ ఎక్కించే ముందు నూనెలోని జిగురును వేడి నీళ్లతో, కొద్దిగా ఫాస్ఫారిక్ ఆమ్లంతో తీస్తారు. పులుపును, అంటే విడి ఫ్యాటీ ఆమ్లాలను, కాస్టిక్ సోడాతో సబ్బుగా మార్చి వేరు చేస్తారు. తర్వాత బ్లీచింగ్ మట్టితో రంగు, మిగిలిన సబ్బు లాగేస్తారు. ఇవన్నీ చూడ్డానికి బాగుండాలని మాత్రమే చేసేవి కావు. జిగురు, సబ్బు, గంధకం మిగిలితే నికెల్ మీద పొరలా పేరుకుని దాని చురుకు చంపేస్తాయి. చురుకు తగ్గిన నికెల్‌తో, ముఖ్యంగా గంధకం పట్టినదానితో, బ్యాచ్ నడిపితే ట్రాన్స్ పెరుగుతుంది. వాడిన నికెల్‌నే మళ్లీ మళ్లీ వాడినా అంతే. కాబట్టి ఒకే నూనె నుంచి, ఒకే గట్టిదనంతో చేసిన రెండు డబ్బాల్లో ట్రాన్స్ రెండు రకాలుగా ఉండొచ్చు. పాత రోజుల డాల్డా మీద వచ్చిన పరిశోధన పత్రాల్లో అంకెలు అంత దూరదూరంగా ఉండటానికి ఇదీ ఒక కారణం. ఆ పత్రాల్లో 30 శాతం దాటినవి అరుదేమీ కాదు.

ఇక్కడ బావ ఒక మాట అడిగాడు. "మరి రిఫైండ్ ఆయిల్‌లో కూడా ట్రాన్స్ ఉంటుందంటారు కదా, ఇంట్లో వాడేది కూడా మానేయాలా?" ఉంటుంది, కానీ కొలతలో చాలా తేడా ఉంది. రిఫైనింగ్‌లో చివరి మెట్టు డీఓడరైజేషన్. వాసన పోగొట్టడానికి నూనెను గాలి తీసేసిన పాత్రలో 200 డిగ్రీలు దాటించి, ఆవిరి పంపుతారు. వేడి 240 దాటి ఎక్కువసేపు ఉంచితే కొన్ని బంధాలు వాటంతటవే నిటారుగా తిరుగుతాయి. ముందు తిరిగేవి మూడు జంట బంధాలున్న లినోలెనిక్ గొలుసులు. సోయా నూనెలో అవి 7 శాతం దాకా ఉంటాయి కాబట్టి అక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. శెనక్కాయ నూనెలో అవి దాదాపు ఉండవు. సరిగ్గా నడిపిన రిఫైనరీలో శెనక్కాయ నూనెకు ట్రాన్స్ 1 శాతం లోపే ఉంటుంది. దాని కోసం రిఫైండ్ మానేసి గానుగ నూనెకు మారాల్సిన పని లేదు. గానుగ నూనె రుచి కోసం వాడుకోండి. కానీ కాయలు బూజు పట్టినవైతే అఫ్లాటాక్సిన్ కొంత నూనెలోకి దిగుతుంది. వడగడితే అది పూర్తిగా పోదు. కాస్టిక్, బ్లీచింగ్ మెట్లు దాటినప్పుడు దాదాపు పోతుంది. తడిసిన శెనక్కాయ చౌకగా దొరికే ఏడాదిలో నేనైతే రిఫైండ్‌నే తీసుకుంటాను.

పఫ్ దగ్గరికి మళ్లీ వద్దాం. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో పారిశ్రామిక ట్రాన్స్ ఫ్యాట్ పరిమితిని 2021 జనవరిలో 3 శాతానికి, 2022 జనవరిలో 2 శాతానికి దించారు. అంతకు ముందు అది 5, దానికి ముందు 10 శాతం. 2 శాతం అనేది హైడ్రోజన్ ఎక్కించడం సగంలో ఆపే పద్ధతితో అందుకోలేని అంకె. అందుకే ఇప్పుడు డాల్డా పేరుతో దొరికే వనస్పతి కూడా లోపల పాతది కాదు. ఒకప్పుడు దానికి శెనక్కాయ నూనె పెద్ద ముడి సరుకు. ఇప్పుడు ఎక్కువగా పామ్ నూనె, పామ్ స్టియరిన్. ఆ మార్పు తెలియక, పేరు పాతదే కదా అని వాడేవాళ్లు చాలామంది ఉన్నారు.

బేకరీకి ఇప్పుడు దొరికేవాటిలో మొదటిది ఈ వనస్పతే. అన్నిటికన్నా చౌక, ఊరూరా దొరుకుతుంది. దీని కరిగే ఉష్ణోగ్రత చట్టం ప్రకారం 31 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలి. బిస్కెట్‌కి, కేక్‌కి, దిల్‌పసంద్ పిండికి ఇది చాలు, ఎందుకంటే అక్కడ కొవ్వు పిండిలో కలిసిపోవాలి. పఫ్‌కి మాత్రం చాలదు. పొర పొరకీ మధ్య రేకులా విడిగా నిలబడాలి, కర్రతో ఒత్తితే విరగకుండా సాగాలి. వనస్పతి పగలు మెత్తబడి రాత్రి బిగిసే గోదాములో నాలుగు రోజులుంటే పెద్ద పెద్ద స్ఫటికాలు కట్టి ఇసకలా గరుకెక్కుతుంది. ఆ గరుకు పిండి పొరను చీలుస్తుంది. కొన్న రోజు బాగున్నది వారానికి బాగుండదు అని బావ అనేది ఇదే.

రెండోది పామ్ స్టియరిన్, మెత్తటి నూనె ఊరికే కలిపి చేసిన షార్టెనింగ్. పామ్ నూనెను నెమ్మదిగా చల్లార్చి గడ్డకట్టిన భాగాన్ని వడపోస్తే వచ్చేదే స్టియరిన్. ఇందులో రసాయన చర్య ఏదీ లేదు, కొత్త ట్రాన్స్ పుట్టే దారి లేదు. ఎండకు చెక్కు చెదరదు. లోపం నోట్లో తెలుస్తుంది. స్టియరిన్‌లో మూడు గొలుసులూ పామిటిక్ ఆమ్లమే ఉన్న అణువులు కొన్ని ఉంటాయి. అవి కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి, మన నోటి వేడి 37. పఫ్ తిన్నాక అంగుడికి జిడ్డుగా ఒక పొర అంటుకుని, టీ తాగితే గానీ పోకపోతే, అది ఇదే. ధర చూసి దీన్ని కొనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఒక పెట్టె తెచ్చి, పఫ్ చేసి, పూర్తిగా చల్లారాక తిని చూడండి. వేడి మీద తింటే ఈ లోపం కనబడదు.

మూడోది ఇంటరెస్టరిఫైడ్ కొవ్వు. పేరు నోరు తిరగదు గానీ చేసే పని సులువుగా చెప్పొచ్చు. కొవ్వు అణువు అంటే మూడు కొక్కేలున్న కొయ్య. ఒక్కో కొక్కేనికి ఒక్కో గొలుసు వేలాడుతుంది. స్టియరిన్, మెత్తటి నూనె కలిపి, సోడియం మెథాక్సైడ్ కొద్దిగా వేసి 100 డిగ్రీల దగ్గర ఉంచితే, లేదా లైపేజ్ అనే ఎంజైమ్ మీదుగా 70 డిగ్రీల దగ్గర పంపితే, గొలుసులు ఒక కొయ్య నుంచి ఇంకో కొయ్యకు మారతాయి. జంట బంధాల జోలికి ఎవరూ వెళ్లరు, కాబట్టి ట్రాన్స్ పుట్టదు. మూడూ గట్టివే ఉన్న మైనపు అణువులు తగ్గిపోతాయి, రెండు గట్టివి ఒక మెత్తది ఉన్నవి పెరుగుతాయి. ఫలితంగా కరిగే ఉష్ణోగ్రత 40 దాటి ఎండాకాలం గదిలో నిలబడుతుంది, నోట్లో పొర కూడా తగ్గుతుంది. పఫ్‌కి నా ఓటు దీనికే. ధర వనస్పతి కన్నా ఎక్కువ. పఫ్ కోసం అమ్మేది చాలావరకు మార్గరిన్ రూపంలో, 80 శాతం కొవ్వు, మిగతా ఎక్కువగా నీళ్లతో వస్తుంది. ఆ నీళ్లు ఓవెన్‌లో ఆవిరై పొరల్ని పైకి లేపడానికి సాయపడతాయి.

నాలుగోది వెన్న. రుచిలో దానికి సాటి లేదు, అది ఒప్పుకోవాలి. కానీ 34 డిగ్రీల చుట్టుపక్కల కరిగిపోతుంది. ఏసీ గది, ఫ్రిజ్‌లో మధ్య మధ్య విశ్రాంతి లేకుండా కడపలో మార్చి నుంచి జూన్ దాకా వెన్న పఫ్ సాధ్యం కాదు. వెన్నలో, నెయ్యిలో కూడా 2 నుంచి 5 శాతం దాకా ట్రాన్స్ సహజంగా ఉంటుంది. ఆవు, గేదె కడుపులోని సూక్ష్మజీవులు చేసేది అది. చట్టంలోని 2 శాతం లెక్కలోకి రాదు.

బావ కాగితం మీద లెక్క వేసి చూపించమన్నాడు. కిలో మైదాకు ఆయన 600 గ్రాముల కొవ్వు వాడతాడు, 24 పఫ్‌లు వస్తాయి. పఫ్‌కి 25 గ్రాములు. 30 శాతం ట్రాన్స్ ఉన్న పాత డాల్డా అయితే ఒక్క పఫ్‌లో 7.5 గ్రాములు. 10 శాతంతో 2.5. ఇప్పటి 2 శాతంతో అర గ్రాము. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ట్రాన్స్ 2.2 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే ఒకప్పుడు కాలేజీ పిల్లాడు సాయంత్రం తిన్న ఒక్క పఫ్‌తోనే మూడు రోజుల కోటా దాటిపోయింది. ఆ అంకె చూసి బావ చాలాసేపు మాట్లాడలేదు. ఇంకో అంకె కూడా ఆయనకు దాచలేదు. పామ్ ఆధారంగా చేసిన కొవ్వులో సగం దాకా సంతృప్త కొవ్వే. అదే పఫ్‌లో 12 గ్రాములు అవుతుంది. దాని రోజువారీ పరిమితి సుమారు 22 గ్రాములు. ట్రాన్స్ తీసేసినందుకు పఫ్ ఇడ్లీ అయిపోదు, రోజూ తినేది కాదు.

కొనేటప్పుడు ఏం చూడాలి? పెట్టె మీద "ట్రాన్స్ ఫ్యాట్ ఫ్రీ" అన్న పెద్దక్షరాలు కాదు, దాంతో వచ్చే ల్యాబ్ కాగితం అడగండి. అందులో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి స్లిప్ మెల్టింగ్ పాయింట్. సన్నటి గాజు గొట్టంలో కొవ్వు నింపి, గడ్డకట్టించి, నీళ్లలో నెమ్మదిగా వేడి చేస్తే ఏ డిగ్రీ దగ్గర అది గొట్టంలో పైకి జారుతుందో అదే స్లిప్ పాయింట్. మీ పిండి గది మధ్యాహ్నం వేడి కన్నా ఇది కనీసం ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువ ఉండాలి. రెండోది ట్రాన్స్ శాతం. అది గ్యాస్ క్రోమటోగ్రఫీతో, వంద మీటర్ల పొడవైన కాలమ్ మీద కొలిచినదైతే నమ్మొచ్చు. పొట్టి కాలమ్ మీద ట్రాన్స్ గుర్తులు పక్కవాటితో కలిసిపోయి తక్కువగా కనబడొచ్చు. ఇన్‌ఫ్రారెడ్ పద్ధతిలో 966 cm⁻¹ దగ్గరి గుర్తు చూసి లెక్క కడతారు. ట్రాన్స్ 20, 30 శాతం ఉన్న రోజుల్లో అది సరిపోయింది. 2 శాతం దగ్గర దాని మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు.

దినుసుల జాబితాలో "హైడ్రోజనేటెడ్" అన్న మాట కనబడగానే భయపడక్కర్లేదు. పూర్తిగా హైడ్రోజన్ ఎక్కించిన నూనెలో జంట బంధాలే మిగలవు కాబట్టి ట్రాన్స్ కూడా దాదాపు ఉండదు. దాన్ని గట్టిదనం కోసం ఇంటరెస్టరిఫికేషన్‌లో వాడతారు. ట్రాన్స్ వచ్చేది సగంలో ఆపినప్పుడే.

కాగితం దొరకని చోట బావకు నేర్పిన పరీక్ష ఒకటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు వంద గ్రాముల ముక్క కోసి, పాత దినపత్రిక మీద పెట్టి, పిండి గదిలోనే రెండు గంటలు వదిలేయాలి. ముక్క చుట్టూ జిడ్డు మరక వేలి వెడల్పు కన్నా పాకితే ఆ కొవ్వు ఆ నెలకు పఫ్‌కి పనికిరాదు. మరక లేకపోతే ఒక చిన్న తునక నాలుక మీద పెట్టుకుని ఇరవై లెక్కపెట్టండి. అప్పటికీ కరగకుండా మైనంలా ఉంటే అది మరీ గట్టిది.

సమోసా, బజ్జీ వేయించే నూనె విషయం వేరు. నూనెను మళ్లీ మళ్లీ కాచితే ట్రాన్స్ పెరుగుతుందని అందరూ అంటారు. మూకుడు వేడికి పెరిగేది కొంచెమే. అక్కడ అసలు చెడు నూనె విరిగి తయారయ్యే పోలార్ పదార్థాలు. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని చట్టం. నురుగు మూకుడంతా పరుచుకుని తగ్గకపోయినా, పొగ ముందుకన్నా త్వరగా లేచినా మార్చేయాలి. దానికి వనస్పతి వద్దు, పామోలిన్ గానీ శెనక్కాయ నూనె గానీ చాలు.

బావ ఇప్పుడు రెండు రకాలు తెప్పిస్తున్నాడు. మార్చి నుంచి జూన్ దాకా పఫ్‌కి 44 డిగ్రీల ఇంటరెస్టరిఫైడ్ మార్గరిన్, మిగతా నెలల్లో అదే కంపెనీది 40 డిగ్రీలది. బిస్కెట్‌కి ఏడాదంతా వనస్పతి. పెట్టెలు ఓవెన్ గోడ పక్క నుంచి తీసి, వెనక కిటికీ లేని గదిలో చెక్క పలకల మీద పెట్టాడు. పోయిన నెల వెళ్తే కొత్త స్టాకు తాలూకు దినపత్రిక ముక్క ఒకటి చూపించాడు. మధ్యలో చదరంగా ముక్క పెట్టిన అచ్చు, దాని చుట్టూ గోరంత మరక.